‘బాగానే ఉంది బాబూ, ఇది ఎవరు చెప్పినారు?’: పలాసలో చేసిన ఒక కస్టమర్ ఇంటర్వ్యూ ఎడిటింగ్ కథ

ఈ ఇంటర్వ్యూ ఇచ్చినావిడకు పలాసలో జీడిపప్పు యూనిట్ ఉంది. రోజుకు నాలుగు బస్తాల పిక్కలు ఆడిస్తారు. ఇక్కడ బస్తా అంటే 80 కిలోలు. రెండు సీజన్ల క్రితం కట్టెల బోర్మా తీసేసి కరెంటు డ్రయ్యర్ పెట్టుకున్నారు. ఆ డ్రయ్యర్ తయారు చేసే కంపెనీకి నేను రాసిపెడుతుంటాను. ‘కస్టమర్ మాటల్లోనే, ప్రశ్నా జవాబుల రూపంలో, పన్నెండు వందల మాటల్లో ఒక పోస్టు రాసివ్వండి’ అని అడిగారు. మాది విజయనగరం. పలాస మాట నాకు కొత్త కాదు కాబట్టి వారంలో అయిపోతుందనుకున్నాను. నెలా పదిరోజులు పట్టింది. ఆ ఆలస్యం దేనివల్ల అయిందో, ఒక్కో జవాబు దగ్గర ఏం చేశానో ఇక్కడ రాస్తున్నాను. ఆవిడ పేరు, కంపెనీ పేరు ఈ రాతకు అవసరం లేదు కాబట్టి రాయడం లేదు.

ముందుగా పని గురించి రెండు మాటలు చెప్పాలి, లేకపోతే ఆవిడ జవాబులు అర్థం కావు. పిక్కను ఉడకబెట్టి, పెంకు కోసి, లోపలి పప్పును పొట్టుతో సహా ఆరబెడతారు. ఆరబెట్టే గదినే బోర్మా అంటారు. సరిగ్గా ఆరిన పప్పును నలిపితే పొట్టు ఊడివస్తుంది. తక్కువ ఆరితే పొట్టు అంటుకుపోయి కత్తితో గీకాలి, ఆ గీకడంలో పప్పు దెబ్బతింటుంది. ఎక్కువ ఆరితే పెళుసై చేతిలోనే విరుగుతుంది. విరగని పప్పును గుండు అంటారు, రెండుగా చీలినదాన్ని బద్ద అంటారు. గుండుకు వచ్చే ధర బద్దకు రాదు, బద్దకు వచ్చే ధర ముక్కకు రాదు. అందుకే ఆవిడ ఏం మాట్లాడినా చివరికి మాట ఎన్ని గుండ్లు మిగిలాయి అన్న దగ్గరికే వచ్చేది.

రికార్డింగ్ 68 నిమిషాలు. మొదటి ఇరవై నిమిషాలు షెడ్డులోనే మాట్లాడించాను, అది నా పొరపాటు. పెంకు కోసే మిషన్ల చప్పుడులో మాటల చివర్లు వినపడలేదు. తెలుగులో వాక్యం అర్థమంతా చివర క్రియలో ఉంటుంది. ‘వచ్చేది’ అన్నారో ‘వచ్చింది’ అన్నారో తెలియకపోతే జవాబే తెలియనట్టు. తర్వాత ఇంటి అరుగు మీదికి మారాం. పక్కన వాళ్ళబ్బాయి కూర్చున్నాడు. విశాఖలో చదువుకుని వచ్చి యూనిట్ లెక్కలు చూస్తున్నాడు.

రికార్డింగ్ మొత్తం నేనే టైపు చేశాను, ప్రతి పేరా పక్కన నిమిషం వేసుకున్నాను. దాదాపు ఆరు వేల మాటలు తేలాయి. కావలసింది పన్నెండు వందలు. అంటే అయిదు మాటలకు నాలుగు పోవాలి. ఆ నాలుగూ ఏవన్నదే ఎడిటింగ్.

ఒకే జవాబు, మూడుసార్లు

బోర్మాతో ఇబ్బంది ఏమిటని అడిగినప్పుడు ఆవిడ చెప్పింది ఇది, విన్నది విన్నట్టు:

‘అదేటంటే బాబూ, మరి బోర్మా ఉన్నప్పుడు ఏటయ్యీదంటే, ఇప్పుడు ఈ ట్రేలు ఉన్నాయి కదా, కింద ట్రే మాడిపోయీది, పైది పచ్చిగా ఉండిపోయీది, మరి రాత్రి లేసి మార్సాలి కదా, మా ఆయన లేసీవోడు, రెండు గంటలకి ఓసారి, నాలుగు గంటలకి ఓసారి, మరి ఆయన పోయాక నానే లేసీదాన్ని, మరి ఏటి సేత్తాం, పప్పు మాడితే ఏటొస్తాది, ఏటీ రాదు, అలాగనమాట.’

మొదటిసారి నేను రాసింది ఇలా ఉంది:

‘బోర్మాలో కింది ట్రేలు మాడిపోవడం, పై ట్రేలు పచ్చిగా ఉండిపోవడం ప్రధాన సమస్యగా ఉండేది. దీంతో రాత్రివేళ పలుమార్లు ట్రేలు మార్చాల్సి వచ్చేది. ఫలితంగా నాణ్యత దెబ్బతినేది.’

ఫోన్లో చదివి వినిపించాను. కొంచెం సేపు ఆగి, ‘బాగానే ఉంది బాబూ, ఇది ఎవరు చెప్పినారు?’ అని అడిగింది. ఎత్తిపొడుపుగా అనలేదు. నిజంగానే వేరే కస్టమర్ ఎవరో చెప్పింది చదువుతున్నాననుకుంది.

ఫోన్ పెట్టేశాక రెండూ పక్కపక్కన పెట్టి చూశాను. నా వాక్యాల్లో మనుషులే లేరు. ‘మార్చాల్సి వచ్చేది’ అని రాశాను, ఎవరు మార్చారు? ముందు భర్త లేచేవాడు, ఆయన పోయాక ఈవిడ లేచేది. ఒక కుటుంబంలో జరిగింది ఆ రెండు క్రియల్లో ఉంది. నేను దాన్ని ‘పలుమార్లు’ అనే ఒక్క మాటలో కలిపేశాను. ఇక ‘నాణ్యత దెబ్బతినేది’ అనే మాట రికార్డింగ్‌లో ఎక్కడా లేదు. ‘ఏటీ రాదు’ అంది, అంటే డబ్బు రాదని. ఆవిడ డబ్బు గురించి చెబితే నేను నాణ్యత గురించి రాశాను.

ఆ తప్పు దిద్దుకుందామని రెండోసారి పూర్తిగా అటు వైపుకు వెళ్ళిపోయాను. ‘సేత్తాం’, ‘లేసీవోడు’, ‘నానే’, ‘మార్సాలి’ అన్నీ వినపడ్డట్టే ఉంచి, అడ్డొచ్చిన మాటలు మాత్రం తీసి పంపాను. మర్నాడు వాళ్ళబ్బాయి ఫోన్ చేశాడు. ‘మా అమ్మను సినిమాలో నవ్వించే పాత్రలా రాసినారండి. యూనిట్ నడిపే మనిషి ఆవిడ. ఇది బయటికి వస్తే మా దగ్గర పప్పు కొనే షావుకార్లు చదువుతారు’ అన్నాడు. ‘మొత్తం పుస్తకాల భాషలోకి మార్చండి’ అని కూడా అన్నాడు. ఆవిడ ఏమీ అనలేదట, కానీ రెండో పేజీ చదవనివ్వలేదట.

అబ్బాయి బాధ న్యాయమైనది. మన శ్రీకాకుళం మాటను తెర మీద ఎన్నేళ్ళుగా ఎందుకు వాడుకుంటున్నారో మనకు తెలుసు. కానీ పుస్తకాల భాషలోకి మారిస్తే మళ్ళీ ‘ఇది ఎవరు చెప్పినారు’ దగ్గరికే వస్తాం. రెండు రోజులు ఆలోచించాక నాకు తేలింది ఏమిటంటే, నేను రెండు వేర్వేరు సంగతులను ఒకటిగా చూస్తున్నాను. పలికే తీరు ఒకటి, మాట ఇంకొకటి. ‘చేస్తాం’ను ‘సేత్తాం’ అనడం పలికే తీరు. ‘ఏమిటి’కి ‘ఏటి’ అనడం, ‘వస్తుంది’కి ‘వస్తాది’ అనడం, ‘మాడిపోయేది’కి ‘మాడిపోయీది’ అనడం ఆ ప్రాంతపు మాట, ఆ ప్రాంతపు వ్యాకరణం.

ఏ జిల్లావాళ్ళైనా రాసినట్టు పలకరు. గుంటూరు మనిషిని ఇంటర్వ్యూ చేసినప్పుడు అతను మింగేసిన అక్షరాలను మనం మింగేసినట్టే రాయం, చక్కగా పూర్తి చేసి రాస్తాం. ఆ మర్యాద అతనికి దక్కుతుంది. పలాస ఆవిడ పలికిన ‘స’ను మాత్రం ‘స’గానే అచ్చువేస్తే, ఆవిడకు అక్షరాలు రావని చెప్పినట్టు అవుతుంది. కాబట్టి పలుకును మామూలు స్పెల్లింగ్‌లోకి తెచ్చాను, మాటనూ క్రియ చివరనూ ఆవిడవే ఉంచాను. ‘నాను’ను ‘నేను’ చేశాను. ‘లేసీదాన్ని’ని ‘లేచీదాన్ని’ చేశాను. ఈ గీత అన్నిచోట్లా ఇంత సాఫీగా పడదు. ‘నాను’ పలుకా, మాటా అని వాదించవచ్చు. అలాంటివి వచ్చినప్పుడు ఆవిడనే అడిగాను. ‘నేను అనే రాయి, బిల్లు మీద అలాగే రాస్తాం కదేటి’ అంది.

మూడోసారి తేలిన జవాబు:

‘బోర్మా ఉన్నప్పుడు కింద ట్రే మాడిపోయీది, పైది పచ్చిగా ఉండిపోయీది. రాత్రి లేచి మార్చాలి కదా. రెండింటికి ఓసారి, నాలుగింటికి ఓసారి మా ఆయన లేచీవాడు. ఆయన పోయాక నేనే లేచీదాన్ని. మరి ఏటి చేస్తాం? పప్పు మాడితే ఏటొస్తాది, ఏటీ రాదు.’

ఇందులో నాలుగు ‘మరి’లకు ఒకటే మిగిలింది. మొదటి మూడూ ఊపిరి తీసుకోవడానికి వచ్చినవి, నాలుగోది మాత్రం ‘వేరే దారి లేదు’ అని చెబుతోంది. అదీ తీసేస్తే ‘ఏటి చేస్తాం’ అనేది మామూలు ప్రశ్న అయిపోతుంది. ‘అనమాట’, ‘అదేటంటే’ లాంటివి రికార్డింగ్ మొత్తంలో నలభైకి పైగా ఉన్నాయి, పోస్టులో రెండు ఉంచాను. వినేటప్పుడు అడ్డురానివి చదివేటప్పుడు అడ్డొస్తాయి. ఆవిడ ముఖం చూస్తూ విన్నవాడికి అవి వినపడను కూడా వినపడవు. వాటిని అన్నిటినీ అచ్చులో పెట్టడం నిజాయితీ కాదు, ఆవిడ మీద భారం వేయడం.

ఇంకో చిన్న మార్పు చూడండి. ‘రెండు గంటలకి ఓసారి’ అని ఆవిడ అంది. అది రాత్రి రెండింటికని అర్థమా, ప్రతి రెండు గంటలకూ అని అర్థమా? ‘నాలుగు గంటలకి ఓసారి’ పక్కనే ఉంది కాబట్టి గడియారపు సమయమే అయి ఉండాలనిపించింది, కానీ అనిపించడం చాలదు. అడిగాను. రాత్రి రెండు, తెల్లవారి నాలుగు. అందుకే ‘రెండింటికి’, ‘నాలుగింటికి’ అయ్యాయి. మాట ఆవిడదే, అనుమానం పోయింది.

ఏది వచ్చింది, ఏది పోయింది

తెలుగులో మాట్లాడేటప్పుడు కర్తను వదిలేస్తాం. ఎదురుగా ఉన్నవాడికి సందర్భం తెలుసు. చదివేవాడికి తెలియదు. పైగా మన క్రియలో ‘-ంది’ అని వస్తే అది ఆడమనిషి కావచ్చు, యంత్రం కావచ్చు, కరెంటు కావచ్చు. 37వ నిమిషంలో ఆవిడ ఇలా అంది: ‘రాత్రి కరెంటు పోయింది, ఫోన్ చేసినాం, రాలేదు, మర్నాడు వచ్చింది, అప్పటికి పోయింది.’

నేను మొదట ‘మర్నాడు కరెంటు వచ్చింది, అప్పటికి పప్పు పాడైపోయింది’ అని రాశాను. అందంగా కుదిరింది, తప్పుగా కుదిరింది. చదివి వినిపించినప్పుడు ఆపింది: ‘కరెంటు గంటలో వచ్చీసింది బాబూ. వచ్చీటప్పుడు ఎక్కువగా వచ్చి ఫ్యాన్ మోటారు కాలిపోయింది. మర్నాడు వచ్చింది మోటారు.’ అంటే కంపెనీకి ఫోన్ చేశారు, ఆ రాత్రి మోటారు రాలేదు. నా వాక్యంలో తప్పు కరెంటు మీదికి పోయింది. ఆవిడ వాక్యంలో సగం బాధ్యత కంపెనీ సర్వీసుది. కర్తను నేను ఊహించి పూరించడం వల్ల నాకు డబ్బిచ్చే కంపెనీకి అనుకూలంగా మారింది. కావాలని చేయలేదు, అయినా ఫలితం అదే.

అప్పటినుంచి ట్రాన్స్‌క్రిప్టులో కర్త లేని ప్రతి క్రియ కిందా గీత గీస్తున్నాను. ఈ ఇంటర్వ్యూలో అలాంటివి, నిజంగా అనుమానం ఉన్నవి, పదకొండు తేలాయి. అన్నీ ఫోన్లో అడిగి, నామవాచకం పెట్టాను. కొందరు బ్రాకెట్లలో పూరిస్తారు, ‘మర్నాడు (మోటారు) వచ్చింది’ అని. ఒకటీ రెండూ అయితే పరవాలేదు, పదకొండు బ్రాకెట్లు ఉన్న జవాబులు పోలీసు వాంగ్మూలంలా ఉంటాయి. మనిషిని అడిగి నిర్ధారించుకున్నాక బ్రాకెట్ అక్కర్లేదని నా అభిప్రాయం. అడగడం కుదరకపోతే మాత్రం ఆ వాక్యాన్నే వదిలేయాలి.

ప్రశ్నను మార్చినా జవాబు మారుతుంది

జవాబుల మీద ఇంత జాగ్రత్త పెట్టి, ప్రశ్నలు నావే కదా అని ఇష్టమొచ్చినట్టు దిద్దాను. ఇది కొంచెం ఆలస్యంగా పట్టుకున్నాను.

రికార్డింగ్‌లో నేను అడిగింది: ‘డ్రయ్యర్ వచ్చాక కట్టెల ఖర్చు బాగా తగ్గి ఉంటుంది కదమ్మా?’ ఆవిడ: ‘ఆ, తగ్గింది.’ తర్వాత వెంటనే కరెంటు బిల్లు గురించి చెప్పింది. పోస్టులో ప్రశ్నను ‘డ్రయ్యర్ వల్ల మీకు కనిపించిన మార్పు ఏమిటి?’ అని చక్కగా మార్చాను. దాని కింద ‘కట్టెల ఖర్చు తగ్గింది’ అని పెట్టాను. రెండు వాక్యాలూ అబద్ధం కావు, కలిపి చదివితే మాత్రం అబద్ధం. ఆవిడ తనంత తాను చెప్పిన మొదటి మార్పు కట్టెల ఖర్చు అని పాఠకుడు అనుకుంటాడు. ఆవిడ నా నోటి మాటకు ‘ఆ’ అంది, అంతే.

దాన్ని ఇలా సరిచేశాను:

ప్ర: కట్టెల ఖర్చు తగ్గిందా?
జ: ఆ, తగ్గింది. కరెంటు బిల్లు పెరిగింది కదా మరి. రెండూ కలిపి చూస్తే కొంచెం మిగులుతాది. బోర్మాకి కట్టెతో పాటు పెంకు కూడా వేసీవాళ్ళం, ఆ పెంకు ఇప్పుడు అమ్ముతున్నాం. ఆ డబ్బు కూడా కలుపుకుంటేనే మిగులు.

ప్రశ్నను పొట్టి చేయవచ్చు, తడబాటు తీసేయవచ్చు. ‘అవునా కాదా’ అని అడిగినదాన్ని ‘ఏమిటి, ఎలా’ అని అడిగినట్టు మార్చకూడదు. నేను జవాబును నోట్లో పెట్టి అడిగి ఉంటే ఆ జవాబును పెద్దగా చూపించే హక్కు నాకు లేదు.

రెండు చోట్ల చెప్పిన మాటలను ఒక జవాబులో కలపడం కూడా ఇలాంటిదే. 12వ నిమిషంలో బిల్లు గురించి ఒక మాట, 51వ నిమిషంలో ఇంకో మాట ఉన్నాయి. విషయం ఒకటే కదా అని కలిపేశాను. మొదటిది కొత్తలో డ్రయ్యర్‌ను సగం నింపి తోలినప్పటి బిల్లు, రెండోది పూర్తిగా నింపడం నేర్చుకున్నాక వచ్చిన బిల్లు. రెండిటి మధ్య ఒక సీజన్ గడిచింది. కలిపినప్పుడు నా ఇష్టానికి ఒకే నెలలో రెండు బిల్లులు వచ్చినట్టు తయారైంది. నిమిషాలు వేసుకుని ఉండబట్టి వెనక్కి వెళ్ళి చూడగలిగాను.

‘సగానికి సగం’

కంపెనీకి అన్నిటికంటే కావలసింది అంకె. ముక్క ఎంత తగ్గిందని అడిగితే ఆవిడ చెప్పింది: ‘పది కిలోలకి రెండు కిలోలు ముక్క పోయీది. ఇప్పుడు ఒకటి, ఒకోసారి ఒకటిన్నర. వానాకాలం మాట వేరు.’

కంపెనీలో పోస్టు చూసే అతను దీన్ని ‘నష్టం 50 శాతం తగ్గింది’ అని జవాబులోనే పెట్టమన్నాడు. రెండు ఒకటి అయింది కదా, లెక్క అదే కదా అన్నాడు. లెక్క అది మంచిరోజున. ఒకటిన్నర అయిన రోజున తగ్గింది పావు వంతే. వానాకాలంలో ఎంతో ఆవిడ చెప్పనే లేదు. మళ్ళీ అడిగితే, ‘పిక్క నెమ్ము పట్టి వస్తాది, డ్రయ్యర్ ఏటి చేస్తాది? ఆ నెలల్లో లెక్క రాయను’ అంది. లెక్క రాయని నెలలకు శాతం ఎక్కడి నుంచి వస్తుంది?

ఇది గొంతుకు సంబంధించిన విషయం కూడా. ఆవిడ శాతాల్లో ఆలోచించదు. పదికి ఇన్ని అని ఆలోచిస్తుంది, ఎందుకంటే పొట్టు తీసే ఆడవాళ్ళ దగ్గర తూకం పది కిలోల లెక్కన వేస్తుంది. ‘50 శాతం’ అని ఆవిడ నోట వినిపిస్తే పలాసలో ఏ యూనిట్ యజమానీ నమ్మడు. ‘పదికి ఒకటి, ఒకోసారి ఒకటిన్నర’ అంటే నమ్ముతాడు, తన పదితో పోల్చుకుంటాడు. ఈ మాట చెప్పాకే కంపెనీ అతను ఒప్పుకున్నాడు. అంకె ఆవిడ చెప్పినట్టే, వానాకాలం వాక్యంతో సహా పడింది.

కంపెనీ అతను ఒక సంగతిని తీసేయమని కూడా అన్నాడు. కొత్తలో మొదటి లోడు చెడిపోయిన సంగతి. బోర్మాలో వేసే అలవాటు కొద్దీ ట్రేలలో పప్పు మందంగా పోశారు. డ్రయ్యర్‌లో వేడిగాలి పప్పు మధ్య నుంచి పోవాలి, మందంగా ఉంటే పోదు. మధ్యలో పచ్చిగా ఉందని ఆవిడ వేడి పెంచింది: ‘డెబ్బై దగ్గర పెట్టమన్నారు, నేను ఎనభై ఐదు పెట్టీసాను.’ అంచుల్లో పప్పు ఎర్రబడింది. ఎర్రబడిన గుండు గుండు ధరకు పోదు. ‘పల్చగా పొయ్యాలని ఎవరూ చెప్పలేదు, చెప్పుంటే పోసీవాళ్ళం కాదేటి?’ అన్నది ఆవిడ చివరి వాక్యం. కంపెనీకి నచ్చనిది ఆ వాక్యమే.

డ్రయ్యర్ కొనాలనుకునేవాడికి ఈ పోస్టులో అన్నిటికంటే పనికొచ్చేది ఈ జవాబే అని నేను పట్టుబట్టాను. చివరికి ఒక దారి దొరికింది. జవాబు అలాగే ఉంటుంది, దాని కింద కంపెనీ తన పేరుతో, వేరే అక్షరాల్లో, ‘ఇప్పుడు బిగించేటప్పుడే ట్రేలో ఎంత మందం పోయాలో దగ్గరుండి చూపిస్తున్నాం’ అని రాసుకుంటుంది. ముందు వాళ్ళు అడిగింది ఆ మాటను ఆవిడ చేత చెప్పించమని. చూపిస్తున్నారో లేదో ఆవిడకు ఎలా తెలుస్తుంది? కంపెనీ సమాధానం కంపెనీ గొంతులోనే ఉండాలి.

తీసేసిన పేరా వదిలివెళ్ళిన ‘అందుకే’

2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానం జీడి తోటలను నేలకూల్చినప్పుడు వాళ్ళ కుటుంబం పడ్డ అప్పుల గురించి ఆవిడ చాలాసేపు చెప్పింది. ఎవరి దగ్గర తెచ్చారో, ఎవరు ఇంటికి వచ్చి ఏమన్నారో అన్నీ చెప్పింది. రికార్డర్ నడుస్తున్న సంగతి ఆవిడకు తెలుసు. కానీ చదివి వినిపించినప్పుడు, ‘అప్పు మాట వద్దు బాబూ. ఇచ్చినాయన ఊళ్ళోనే ఉన్నాడు’ అంది. తీసేశాను. ఒకసారి చెప్పారు కదా అని బతిమాలడం ఈ పనిలో తప్పు. మాట్లాడేటప్పుడు ఎదురుగా ఉన్న బయటిమనిషిని నేను ఒక్కడినే, అచ్చులో ఊరంతా ఉంటుంది.

తీశాక ఆ తర్వాతి జవాబు ‘అందుకే ఈ మిషన్ తీసుకున్నాం’ అని మొదలైంది. ‘అందుకే’కు ముందు ఉన్నది ఇప్పుడు తోటల గురించిన ప్రశ్న. చదివితే తోటలు పడిపోయాయి కాబట్టి డ్రయ్యర్ కొన్నారని అర్థం వస్తోంది, అందులో అర్థమే లేదు. ‘అందుకే’ తీసేసి ‘ఈ మిషన్ తీసుకున్నాం’ అని పెట్టేస్తే సులువు, కానీ అప్పుడు కారణం పోతుంది. ఆవిడను మళ్ళీ అడిగాను: అప్పు మాట లేకుండా, ఎందుకు కొన్నారో చెప్పగలరా అని.

‘తోటలు పోయాక మన పిక్క తగ్గిపోయింది. బయటి దేశాల పిక్క కొనాలి. ఒక్కో లోడు ఒక్కోలాగ ఉంటాది, ఒకటి తొందరగా ఆరుతాది, ఒకటి ఆరదు. బోర్మాలో వేడి మన చేతిలో ఉండదు కదా. ఇందులో అయితే తిప్పుకోవచ్చు.’

మొదటి రికార్డింగ్‌లో లేని జవాబు ఇది, కానీ పూర్తిగా ఆవిడదే. నిజానికి అప్పు కథ కంటే ఇదే డ్రయ్యర్ గురించి ఎక్కువ చెబుతుంది. కోసిన చోట కుట్టు వేయాల్సి వస్తే, దారం ఆ మనిషి దగ్గర నుంచే తెచ్చుకోవాలి.

చివరిసారి చదివి వినిపించడానికి నలభై నిమిషాలు పట్టింది. ఈసారి ఫోన్ స్పీకర్లో పెట్టి, పొట్టు తీసే ఆడవాళ్ళు కూడా విన్నారు. రెండు మార్పులు చెప్పారు. ఒకటి, నేను ‘కూలీలు’ అని రాసిన చోట ‘మావాళ్ళు’ అని పెట్టమంది ఆవిడ. వెతికితే రికార్డింగ్‌లో అన్నిచోట్లా ‘మావాళ్ళు’ అనే ఉంది, ‘కూలీలు’ నా ప్రశ్నలోంచి జవాబులోకి పాకింది. రెండోది వాళ్ళలో ఒకామె చెప్పింది: పదికి ఒకటిన్నర అన్నది కొత్తగా చేరినవాళ్ళ చేతిలో, పాతవాళ్ళ చేతిలో ఒకటే. ఆవిడ ఒప్పుకుంది. దాన్ని ఆవిడ జవాబులో కలపలేదు, ‘యూనిట్‌లో పొట్టు తీసే ఒకామె మాట’ అని వేరుగా వేశాను.

పోస్టు వచ్చిన పదిహేను రోజులకు కంపెనీ దాన్నుంచి ఒక పోస్టర్ చేసింది. ఆవిడ ఫోటో పక్కన, కొటేషన్ గుర్తుల మధ్య: ‘పదికి రెండు పోయీది. ఇప్పుడు ఒకటి.’ ఒకటిన్నరా లేదు, వానాకాలమూ లేదు. అబ్బాయి పంపితే చూశాను. పోస్టర్లను ఎవరూ చదివి వినిపించరు, నేనూ దాని గురించి ముందుగా మాట్లాడుకోలేదు. ఆ రోజే వాళ్ళకు ఫోన్ చేసి, ఆ మాట పూర్తిగా వేయాలి, లేదా వేరే మాట తీసుకోవాలి అని చెప్పాను. పూర్తి మాటకు చోటు చాలదన్నారు. ‘రెండింటికి ఓసారి, నాలుగింటికి ఓసారి’ జవాబు పంపాను. అది మొత్తం పట్టింది. ఇప్పుడు పని ఒప్పుకునేటప్పుడే కాగితం మీద రాయించుకుంటున్నాను: ఇంటర్వ్యూ నుంచి ఏ వాక్యం విడిగా తీసినా, అది మాట్లాడిన మనిషికి మళ్ళీ వినిపించాకే వాడాలి అని.